రోజూ తులసి కషాయం తాగేవారికి: ఏం వేయాలి, ఎంత వేయాలి, లివర్ కోసం ఎప్పుడు ఆపాలి

తులసి, అల్లం, నాలుగు మిరియాలతో కాచుకునే పలుచటి కషాయం ఒక రకం. అదే గిన్నెలో తిప్పతీగ ముక్క, చెంచాడు పసుపు, అంగుళం దాల్చిన చెక్క కూడా పడేసి సగానికి మరిగించి నెలల తరబడి రెండు పూటలా తాగేది ఇంకో రకం. జనం రెండింటినీ "ఇమ్యూనిటీ కషాయం" అనే అంటున్నారు. మొదటిదానితో ఎక్కువమందికి గుండెల్లో మంటకు మించి ఇబ్బంది రాదు. రెండోదానితో కామెర్లు వచ్చి ఆసుపత్రిలో చేరినవారు ఉన్నారు. అందుకే గిన్నెలో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో ముందుగా తేల్చుకోవాలి.

తులసికి ఉన్న ఆధారం ఎంత

మనుషుల మీద తులసి ఎలా పనిచేస్తుందో చూసిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. 2017లో వచ్చిన ఒక సమీక్ష అలాంటివి 24 దొరికాయని లెక్క తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం షుగర్, కొలెస్ట్రాల్, మానసిక ఒత్తిడి గురించినవి. రోగనిరోధక శక్తిని నేరుగా పరీక్షించినవి చాలా తక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనాన్ని ఎక్కువగా ఉదహరిస్తుంటారు. అందులో 24 మంది ఆరోగ్యవంతులకు రోజూ పరగడుపున 300 మిల్లీగ్రాముల తులసి ఆకు సారాన్ని నాలుగు వారాలు ఇచ్చారు. రక్తంలో ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సంకేత పదార్థాలు, కొన్ని రకాల రక్షణ కణాలు పెరిగాయి.

ఈ ఫలితాన్ని చదివేటప్పుడు రెండు విషయాలు మరిచిపోకూడదు. వాళ్లకు ఇచ్చింది ఆల్కహాల్‌తో తీసిన సారం, క్యాప్సూల్ రూపంలో. మనం నీళ్లలో కాచేదానిలో అదే మోతాదులో అవే పదార్థాలు దిగుతాయన్న హామీ లేదు. రెండోది, వాళ్లు కొలిచింది రక్తంలోని కణాలను. ఆ నాలుగు వారాల్లో ఎవరికి జలుబు వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. రోజూ తులసి కషాయం తాగే ఆరోగ్యవంతులకు జలుబులు, జ్వరాలు తగ్గుతాయని చూపించిన పెద్ద అధ్యయనమేదీ ఇప్పటిదాకా రాలేదు.

జలుబు చేసినప్పుడు కషాయం తాగితే హాయిగా ఉంటుంది కదా అంటారు. అది నిజమే. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2008లో 30 మందికి వేడి పళ్లరసం ఇచ్చి చూస్తే గొంతు నొప్పి, దగ్గు, ముక్కు కారడం, నీరసం అప్పటికప్పుడే తగ్గినట్టు అనిపించింది. ముక్కులో గాలి ఆడే వేగం మాత్రం మారలేదు. ఆ పానీయంలో తులసి లేదు. కషాయం ఇచ్చే ఊరటలో పెద్ద వాటా వేడిది, ఘాటుది, తీపిది అనుకోవచ్చు. అందుకే ఊరట కోసం మరిన్ని మూలికలు చేర్చాల్సిన పని లేదు.

ఒక మనిషికి ఒక పూటకు

2020లో కోవిడ్ మొదలైనప్పుడు కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ "ఆయుష్ క్వాథ్" అని ఒక మిశ్రమాన్ని ప్రకటించింది. తులసి ఆకు 4 భాగాలు, దాల్చిన చెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. అన్నీ ఎండినవే. ఈ పొడి 3 గ్రాములు తీసుకుని 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో కలిపి రోజుకు ఒకటి రెండుసార్లు తాగమన్నారు. విడదీసి చూస్తే పూటకు తులసి 1.3 గ్రాములు, దాల్చిన చెక్క, శొంఠి 0.7 గ్రాముల చొప్పున, మిరియాలు 0.3 గ్రాములు. మన ఇళ్లలో వాడే చెంచా లెక్కలు దీన్ని చాలా తేలికగా దాటిపోతాయి. ఇందులో తిప్పతీగ లేదు, పసుపు లేదు, అశ్వగంధ లేదు. అవన్నీ తర్వాత వాట్సాప్ సందేశాల్లో ఒక్కొక్కటే వచ్చి చేరినవి.

ఇంట్లో చేసుకునేటప్పుడు దీనికంటే కాస్త తేలిగ్గా చేసుకోవడం మంచిది. ఒక మనిషికి:

- నీళ్లు 200 మిల్లీలీటర్లు (మామూలు గ్లాసుడు)
- కడిగిన తులసి ఆకులు 8 నుంచి 10
- పచ్చి అల్లం బొటనవేలి గోరంత ముక్క, లేదా శొంఠి పొడి పావు చెంచా
- మిరియాలు 3 లేదా 4, కచ్చాపచ్చాగా దంచినవి
- దాల్చిన చెక్క పొడి చిటికెడు, అదీ కావాలంటేనే

ముందు అల్లం, మిరియాలు, దాల్చిన చెక్క నీళ్లలో వేసి సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు మరగనివ్వండి. స్టవ్ ఆపాక తులసి ఆకులు చేతితో తుంచి వేసి మూత పెట్టండి. ఏడెనిమిది నిమిషాల తర్వాత వడగట్టి, నోరు కాలకుండా గోరువెచ్చగా తాగండి. తులసి వాసన యూజినాల్ లాంటి తేలికగా ఆవిరయ్యే నూనెల వల్ల వస్తుంది. ఆకును మొదటి నుంచీ మరిగిస్తే ఆ నూనె ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది కానీ గ్లాసులో మిగలదు. మూత పెట్టమన్నది కూడా అందుకే. మూత తీసినప్పుడు దాని లోపలి వైపు కారే చుక్కల్లో తులసి వాసన గట్టిగా వస్తుంటే సరిగ్గా కుదిరినట్టు.

ఇళ్లలో ఎక్కువగా చేసే పొరపాటు "సగానికి మరిగించడం". ఆయుర్వేదంలో క్వాథం కాచే పద్ధతి వేరే ఉంది. ఒక వంతు మూలికకు పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతో, నాలుగో వంతో మిగిలేదాకా మరిగిస్తారు. అది జబ్బు ఉన్నప్పుడు, వైద్యుడు మనిషిని చూసి, ఇన్ని రోజులని గడువు పెట్టి ఇచ్చే మందు. దాన్నే కాఫీలా రోజూ తాగుతూ పోవడానికి ఏ శాస్త్రమూ చెప్పలేదు. రోజూ తాగేదైతే పలుచగానే ఉండాలి. పొద్దున కాచిన పిప్పినే సాయంత్రం మళ్లీ నీళ్లు పోసి మరిగించకండి. మిగిలిన కషాయాన్ని బయట ఉంచి మరునాడు తాగకండి.

తీపి కావాలంటే చిన్న బెల్లం ముక్క చాలు. షుగర్ ఉన్నవారికి అదీ వద్దు. పురుగుమందు కొట్టిన తోటలోని తులసి, రోడ్డు పక్కన దుమ్ము పట్టిన తులసి తీసుకోకండి. ఏడాది లోపు పిల్లలకు తేనె కలిపినదేదీ పట్టించకూడదు, అసలు ఆ వయసులో కషాయం అవసరమే లేదు.

దాల్చిన చెక్కను ఎందుకు తూచాలి

మన బజారులో దాల్చిన చెక్క పేరుతో దొరికేదానిలో ఎక్కువ భాగం కాసియా. చెక్క మందంగా, గట్టిగా, ఒకే పొరగా వంగి ఉంటుంది. చేత్తో విరవాలంటే కష్టం. అసలు సిలోన్ దాల్చిన చెక్కలో కాగితంలాంటి పలుచని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటాయి, వేళ్లతో నలిపితే పొడవుతుంది. లివర్‌కు సంబంధించినంత వరకు ఈ తేడా ముఖ్యం. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఉంది, కొందరిలో ఇది లివర్‌ను దెబ్బతీస్తుంది. సిలోన్ రకంలో అది నామమాత్రం.

యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజూ జీవితాంతం తీసుకున్నా పర్వాలేదని పెట్టిన హద్దు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము కూమరిన్. 60 కిలోల మనిషికి రోజుకు 6 మిల్లీగ్రాములు. జర్మనీ ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం కాసియా గ్రాముకు సగటున 3 మిల్లీగ్రాముల కూమరిన్ ఉంటుంది. అంటే 2 గ్రాముల పొడితో హద్దు నిండిపోతుంది. ఒక టీ చెంచా నిండా తీసుకుంటే సుమారు రెండున్నర గ్రాములు. ఆయుష్ కొలత ప్రకారం పూటకు 0.7 గ్రాములంటే రెండు పూటలా తాగినా 4 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది. అదే ఎవరైనా "అర చెంచా వేస్తే ఏమవుతుందిలే" అని పూటకు అర చెంచా చొప్పున రెండు పూటలా వేసుకుంటే, హద్దు దాటుతున్నట్టే. ఒకసారి దాటితే ఏమీ కాదు. నెలల తరబడి దాటడమే సమస్య. రోజూ తాగే అలవాటు ఉంటే సిలోన్ రకం తెచ్చుకోండి, లేదా దాల్చిన చెక్క మానేయండి. రుచి కోసం ఒక ఏలకకాయ వేసుకున్నా సరిపోతుంది.

తిప్పతీగ: గిన్నెలోంచి తీసేయాల్సినది

కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ పేరుతో తిప్పతీగ ఇంటింటికీ చేరింది. కంచె మీద పాకుతున్న తీగను కోసుకొచ్చి కాచినవారు ఉన్నారు, రసం డబ్బాలు కొన్నవారు ఉన్నారు. 2021లో ముంబై వైద్యులు ఆరుగురు రోగుల వివరాలు ప్రచురించారు. అందరూ తిప్పతీగ వాడినవారే, అందరికీ లివర్ వాచింది. వారిలో ఒకరు చనిపోయారు. 2022లో హైదరాబాద్‌తో సహా దేశంలోని 13 కేంద్రాల నిపుణులు 43 మంది రోగుల సమాచారాన్ని కలిపి చూశారు. వాడటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి లక్షణాలు కనిపించేదాకా పట్టిన సమయం మధ్యస్థంగా 46 రోజులు. పది రోజులు తాగి "నాకేమీ కాలేదు" అనుకోవడానికి లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ రోగుల్లో కనిపించిన జబ్బు తీరు గమనించదగ్గది. చాలామంది పరీక్షల్లో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన గుర్తులు వచ్చాయి. అంటే శరీరంలోని రక్షణ కణాలే లివర్ కణాల మీద దాడి చేయడం. కొందరిలో అంతవరకు ఎవరికీ తెలియకుండా నిద్రాణంగా ఉన్న లివర్ జబ్బు ఒక్కసారిగా బయటపడింది. తిప్పతీగ రక్షణ కణాలను ప్రేరేపిస్తుందన్నది దాన్ని మెచ్చుకునేవారు చెప్పే మాటే. ఆ ప్రేరణ ఎటు మళ్లుతుందో మన చేతుల్లో ఉండదు. రక్షణ వ్యవస్థ ఇప్పటికే సొంత శరీరం మీద తిరగబడే ధోరణిలో ఉన్న మనిషికి దాన్ని ఇంకా రెచ్చగొట్టడం మేలు చేయదు.

ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ నిర్ధారణను ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన మరో తీగతో, టైనోస్పోరా క్రిస్పాతో, పొరపడి ఉండవచ్చని 2021లో ప్రకటన ఇచ్చింది. క్రిస్పా లివర్‌కు హాని చేస్తుందన్నది ముందే తెలిసిన సంగతి. దాని కాడ మీద బుడిపెలు పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. కానీ కోసి ఎండబెట్టి పొడి చేశాక ఏది ఏదో కంటితో చెప్పలేం. కాబట్టి ఈ వాదంలో ఎవరు గెలిచినా, వంటింట్లో తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటే: ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజువారీ కషాయంలో తిప్పతీగ ఉండకూడదు. ఆయుర్వేద వైద్యుడు ఒక జబ్బు కోసం రాస్తే అది వేరు. అప్పుడు కూడా మొదలుపెట్టే ముందు ఒకసారి, ఐదారు వారాలకు మరోసారి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోండి.

రెడీమేడ్ పొడులు, రసాలు కొనేవారు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవాలి. తిప్పతీగ అని రాసి ఉండకపోవచ్చు. గుడూచి, గిలోయ్, అమృత, టైనోస్పోరా కార్డిఫోలియా, ఈ నాలుగూ అదే. అశ్వగంధ (వితానియా సోమ్నిఫెరా) ఉన్నా పక్కన పెట్టండి, దానితోనూ లివర్ దెబ్బతిన్న కేసులు భారత్‌తో సహా పలు దేశాల నుంచి వచ్చాయి. పదార్థాల జాబితా లేకుండా "రహస్య మిశ్రమం" అంటూ అమ్మేది కొననే కొనకండి.

పసుపు సంగతి కొంచెం వేరు. కూరలో వేసే పసుపుతో భయం లేదు. అమెరికాలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్నవారిని నమోదు చేసే వైద్యుల బృందం 2022లో పసుపు సప్లిమెంట్లతో ముడిపడిన 10 కేసులు ప్రచురించింది. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి ఒకే రకం జన్యు లక్షణం ఉంది. అంటే ఇది ఎవరికి తగులుతుందో ముందుగా తెలియదు, మోతాదు ఒక్కటే కారణం కాదు. సప్లిమెంట్లలో దట్టించేది పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థాన్ని, మామూలు పసుపులో అది నూటికి మూడు వంతులే. చిటికెడు వేస్తే లెక్కలోకి రాదు. మిరియాల్లోని పైపరిన్ మాత్రం కర్క్యుమిన్ రక్తంలోకి చేరడాన్ని చాలా రెట్లు పెంచుతుంది. చెంచాలకొద్దీ పసుపు, దానికి తోడు గుప్పెడు మిరియాలు వేసి రోజూ కాచడం సప్లిమెంట్ దిశగా నడవడమే.

మందులు వాడుతుంటే

పైపరిన్ లివర్‌లోని ఎంజైములను కాస్త మందగింపజేస్తుంది. దాంతో కొన్ని మందులు రక్తంలో ఉండాల్సినదానికంటే ఎక్కువ స్థాయికి చేరతాయి. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, బీపీకి, గుండె దడకు వాడే ప్రొప్రనలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ విషయంలో దీన్ని మనుషుల్లోనే గమనించారు. చారులో పడే మిరియాల గురించి కాదు, రోజుకు రెండుసార్లు పది పన్నెండు మిరియాల కషాయం గురించి ఈ జాగ్రత్త. తులసి రక్తంలో చక్కెరను కొంత తగ్గించగలదు కాబట్టి ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వాడేవారు మొదటి రెండు వారాలు షుగర్ చూసుకుంటూ ఉండాలి. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపేయండి. కషాయంలో అతిమధురం ఉంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ రోగులు దాన్ని వేసుకోకూడదు.

కొందరు మూలికల కషాయాల జోలికి అసలు పోకూడదు. లివర్ సిరోసిస్, హెపటైటిస్ బి లేదా సి, ఎంజైములు పెరిగిన ఫ్యాటీ లివర్ ఉన్నవారు. లివర్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు. ల్యూపస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవారు. టీబీ మందులు, మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు. ఈ మందులే లివర్ మీద భారం వేస్తాయి. పైన కషాయం కూడా ఉంటే, రేపు ఎంజైములు పెరిగినప్పుడు దేని వల్ల పెరిగాయో తేలక, ప్రాణాలు నిలిపే టీబీ కోర్సును ఆపాల్సి రావచ్చు. గర్భిణులు కూడా వంటలో వాడే అల్లానికి మించి వెళ్లకపోవడమే మేలు.

ఒక కేసు ఇలా అనుకుందాం

52 ఏళ్ల గృహిణి, 60 కిలోల బరువు. థైరాయిడ్‌కు మాత్ర వేసుకుంటున్నారు. వానాకాలం మొదట్లో ఇమ్యూనిటీ కోసం కషాయం మొదలుపెట్టారు. గిన్నెలో పది తులసి ఆకులు, రెండు వేళ్ల పొడవు తిప్పతీగ, చెంచా దాల్చిన చెక్క పొడి, చెంచా పసుపు, పది మిరియాలు. రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, పొద్దున సగం, సాయంత్రం సగం.

ఆరు వారాలు బాగానే గడిచింది. ఏడో వారంలో ఒళ్లు బరువుగా ఉండడం మొదలైంది. పోపు వాసనకే కడుపులో తిప్పుతోంది, అన్నం సయించడం లేదు. "వాతావరణం మారింది" అనుకుని కషాయం ఇంకో పూట పెంచారు. లివర్ జబ్బులో ఇది అతి మామూలుగా జరిగే తప్పు. నాలుగు రోజులకు మూత్రం పొద్దున్నే కాదు, నీళ్లు బాగా తాగిన తర్వాత కూడా చిక్కటి టీ రంగులో వచ్చింది. అరచేతులు దురద. ఆ తర్వాత కళ్లలో తెల్లగుడ్డు పసుపుపచ్చగా మారింది. కళ్లు పచ్చబడేదాకా ఆగకూడదు. ఆకలి పోవడం, మూత్రం రంగు మారడం, ఈ రెండూ కలిసి కనిపించిన రోజే కషాయం ఆపి రక్త పరీక్షకు వెళ్లాలి.

పరీక్షలో ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము 640 వచ్చిందనుకోండి. చాలా ల్యాబుల్లో గరిష్ఠ హద్దు 40 దగ్గర ఉంటుంది, అంటే పదహారు రెట్లు. బిలిరుబిన్ 4.2, హద్దుకు మూడున్నర రెట్లు. ఎస్‌జీపీటీ మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటి రెండూ కలిసి వస్తే లివర్ నిపుణులు దాన్ని ప్రమాద ఘంటికగా తీసుకుంటారు. మందు వల్ల ఇలా జరిగినవారిలో పదిమందిలో ఒకరికి ప్రాణాపాయం ఉండవచ్చని వారి అంచనా. కాబట్టి ఇంట్లో పథ్యం చేస్తూ కూర్చునే స్థితి కాదిది. గ్యాస్ట్రో లేదా లివర్ డాక్టరు దగ్గరకు అదే రోజు వెళ్లాలి. మగత, మాట తడబాటు, చిగుళ్ల నుంచి రక్తం, పొట్ట ఉబ్బడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.

డాక్టరు "మందులేమైనా వాడుతున్నారా?" అని అడుగుతారు. "థైరాయిడ్ మాత్ర తప్ప ఏమీ లేదండీ" అన్న జవాబు వస్తుంది, ఎందుకంటే కషాయం ఎవరి లెక్కలోనూ మందు కాదు. ఇక్కడే నిర్ధారణ వారాల తరబడి ఆలస్యమవుతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. గిన్నెలో ఏమేమి వేశారు, ఏ తేదీన మొదలుపెట్టారు, చివరిసారి ఎప్పుడు తాగారు. మిగిలిన పొడి, తీగ ముక్క, డబ్బా కూడా తీసుకెళ్లండి.

మన దేశంలో కామెర్లకు హెపటైటిస్ ఎ, ఇ వైరసులు చాలా మామూలు కారణాలు, వానాకాలంలో మరీను. కాబట్టి కషాయమే కారణమని కూడా తొందరపడి తేల్చరు. వైరస్ పరీక్షలు, అల్ట్రాసౌండ్, రక్తం గడ్డకట్టే సమయం చూపే ఐఎన్ఆర్, ఆటోఇమ్యూన్ పరీక్షలైన ఏఎన్ఏ, ఐజీజీ చేస్తారు. అవసరమైతే బయాప్సీ. ఈ కేసులో వైరస్‌లు లేవని తేలి, కషాయం ఆపిన రెండు మూడు వారాల్లో ఎస్‌జీపీటీ సగానికి దిగిందంటే అనుమానం బలపడుతుంది. పూర్తిగా మామూలు కావడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. దిగకుండా అక్కడే నిలబడితే, లేదా పెరుగుతూ ఉంటే, ఆటోఇమ్యూన్ జబ్బు బయటపడిందేమో చూసి స్టెరాయిడ్లు ఇవ్వాల్సి రావచ్చు.

ఈ సమయంలో చేయకూడనిది పసరు మందు. కామెర్లు అనగానే పసరు పోసే చోటికి తీసుకెళ్లడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఒక ఆకు వల్ల దెబ్బతిన్న లివర్‌కు పేరు తెలియని మరో ఆకు పోస్తే, కోలుకునే అవకాశం తగ్గడమే కాదు, ఏది హాని చేసిందో తేల్చడం కూడా అసాధ్యమవుతుంది. జ్వరం కోసం పారాసిటమాల్ కూడా డాక్టరును అడిగే వేయాలి. మద్యం పూర్తిగా బంద్.

తగ్గాక, మళ్లీ మొదలుపెట్టవచ్చా

తిప్పతీగ, పసుపు మాత్రలు, అశ్వగంధ, ఏది అనుమానంలో ఉందో అది జీవితంలో మళ్లీ వద్దు. రెండోసారి తగిలితే రోజుల్లోనే రావచ్చు, మొదటిసారికంటే తీవ్రంగా రావచ్చు. తక్కువ మోతాదులో ప్రయత్నించి చూద్దామన్న ఆలోచన కూడా వద్దు. లివర్ పరీక్షలన్నీ మామూలై కనీసం మూడు నెలలు గడిచాక, డాక్టరు సరేనంటే, అల్లం టీ లాంటి వంటింటి పానీయాలకు వెళ్లవచ్చు. బయటపడిన జబ్బు ఆటోఇమ్యూన్ అయితే అది కూడా డాక్టరు చెప్పే దాకా ఆగాలి.

ఇబ్బంది ఏమీ లేకుండా తులసి, అల్లం, మిరియాల పలుచటి కషాయం తాగుతున్నవారు మానేయాల్సిన అవసరం లేదు. జలుబు చేసినప్పుడు ఐదారు రోజులు, రోజుకు ఒకటి రెండు గ్లాసులు సరిపోతుంది. రోజూ తాగాలనే ఉంటే ఒక గ్లాసు చాలు. అల్సర్, ఎసిడిటీ ఉంటే మిరియాలు తీసేసి భోజనం తర్వాత తాగండి. పరగడుపున తాగితే ఎక్కువ పనిచేస్తుందన్నది రుజువు కాలేదు, కడుపు మంట మాత్రం ఎక్కువవుతుంది. ఇప్పటికే నెలల తరబడి తిప్పతీగ కలిపి తాగుతూ వచ్చినవారు ఇవాళే ఆపి, ఈ వారంలో ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోండి. లక్షణాలు లేకపోయినా ఎంజైములు పెరిగి ఉండవచ్చు.

కషాయం వల్ల లివర్ దెబ్బతిందని డాక్టరు అనుమానిస్తే ఆ సంగతిని భారత ఔషధ భద్రతా కార్యక్రమానికి తెలపమని అడగండి. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. రోగి అయినా, ఇంట్లోవారు అయినా నేరుగా ఫోన్ చేయవచ్చు. డబ్బా మీది బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన, ఆపిన తేదీలు, పరీక్ష రిపోర్టులు దగ్గర ఉంచుకుని చేయండి, మిగిలిన పొడిని పారేయకుండా కవరులో కట్టి ఉంచండి.